పంపు, వాల్వు, వాటి కాపలా: ఇంటర్‌లాక్‌కూ అలారంకూ మధ్య గీత

నీటిని ఎత్తిపోసే పంపును నడిపే నియంత్రణ వ్యవస్థ ఎప్పుడూ మూడు ప్రశ్నలకు జవాబు చెబుతూ ఉండాలి. ఈ పంపును ఇప్పుడు స్టార్ట్ చేయవచ్చా? నడుస్తున్న పంపును ఈ క్షణంలో ఆపేయాలా? ఆపరేటర్‌ను పిలిచి ఏదైనా చేయమనాలా? మొదటి ప్రశ్నకు జవాబిచ్చే షరతులను పర్మిసివ్‌లంటారు. స్టార్ట్ బటన్ నొక్కిన క్షణంలో అవన్నీ నెరవేరి ఉంటేనే మోటారు కదులుతుంది, ఒకసారి కదిలాక వాటి పని అయిపోయినట్టే. రెండో ప్రశ్నకు జవాబిచ్చేవి ఇంటర్‌లాక్‌లు. పంపు నడిచినంతసేపూ ఇవి కాపలా కాస్తాయి, షరతు తప్పితే ఎవరినీ అడగకుండా పంపును ఆపేస్తాయి. ఇలా ఆపడాన్నే ట్రిప్ అంటారు. మూడో ప్రశ్నకు జవాబు అలారం. అది దేన్నీ ఆపదు, దేన్నీ తెరవదు. మనిషిని పిలుస్తుంది, అంతే.

పంపుహౌసుల్లో ఈ మూడింటినీ కలిపి ఇంటర్‌లాక్‌లు అనేయడం మామూలే. మాటలో కలిస్తే పెద్దగా నష్టం లేదు. ప్రోగ్రాములో, వైరింగులో, స్క్రీను మీద కలిసిపోతే మాత్రం రెండు రకాల కష్టాలు వస్తాయి. ఆగాల్సిన పంపు ఆగదు, లేదా ఆగాల్సిన పనిలేని పంపు పదే పదే ఆగుతుంది. రెండోది కూడా చిన్న విషయం కాదు. ఊరికే ఆగే పంపుతో విసిగిన సిబ్బంది చివరికి ఆ రక్షణనే తీసి పక్కన పెడతారు.

ఇది ఎలా జరుగుతుందో చూడాలంటే ఒక పంపును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా డిజైన్ చేయడమే మంచి దారి. నది ఒడ్డున ఒక ఇన్‌టేక్, దాని నుంచి నీరు చేరే సంపు, సంపు పక్కనే కాస్త లోతులో పంపుహౌస్ ఉన్నాయనుకుందాం. పంపు గంటకు 500 ఘనపు మీటర్ల నీటిని 100 మీటర్ల హెడ్‌తో 3 కిలోమీటర్ల అవతల ఉన్న శుద్ధి కేంద్రానికి పంపాలి. దానికి 200 కిలోవాట్ల మోటారు సరిపోతుంది. సంపుకూ పంపుకూ మధ్య ఒక సక్షన్ వాల్వు ఉంటుంది. పంపు తర్వాత వెనక్కి నీరు రాకుండా ఒక నాన్ రిటర్న్ వాల్వు, ఆ తర్వాత కరెంటు మోటారుతో తెరుచుకునే డెలివరీ వాల్వు ఉంటాయి. డెలివరీ వాల్వు పూర్తిగా తెరుచుకోవడానికి 40 సెకన్లు పడుతుంది. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీటిని దశలవారీగా హైదరాబాదుకు ఎత్తిపోసే పంపుహౌసుల ముందు ఇది చాలా చిన్నది. తర్కం మాత్రం అక్కడా ఇక్కడా ఒకే తీరులో నడుస్తుంది.

మూసిన వాల్వు మీద స్టార్ట్

ఇలాంటి సెంట్రిఫ్యూగల్ పంపును డెలివరీ వాల్వు మూసి ఉంచి స్టార్ట్ చేస్తారు. నీరు పారనప్పుడు ఈ రకం పంపు లాగే కరెంటు తక్కువ కాబట్టి మోటారు తేలిగ్గా వేగం అందుకుంటుంది, ఖాళీ పైపులోకి నీరు ఒక్కసారిగా దూకదు. యాక్సియల్ ఫ్లో పంపుల్లో దీనికి తలకిందులు. వాల్వు మూసి ఉన్నప్పుడే అవి ఎక్కువ పవర్ లాగుతాయి, కాబట్టి వాటిని తెరిచిన వాల్వు మీద స్టార్ట్ చేయాలి. ఒక పంపుహౌస్ నుంచి ఇంకో పంపుహౌస్‌కు ప్రోగ్రామును ఎత్తి అతికించేటప్పుడు ముందుగా చూడాల్సింది పంపు రకమే.

మన పంపు వరుస ఇలా సాగుతుంది. సక్షన్ వాల్వు తెరిచి ఉండాలి, డెలివరీ వాల్వు మూసి ఉండాలి, సంపులో చాలినంత నీరు ఉండాలి. అప్పుడు మోటారు స్టార్ట్ అవుతుంది. కొన్ని సెకన్లలో డెలివరీ వైపు ప్రెషర్ లేస్తుంది. ప్రెషర్ వచ్చిందని తేలాక డెలివరీ వాల్వుకు తెరుచుకోమని ఆదేశం వెళుతుంది.

ఇందులో డెలివరీ వాల్వు మూసి ఉండాలన్న షరతును గమనించాలి. అది పర్మిసివ్ మాత్రమే. పొరపాటున దాన్ని ఇంటర్‌లాక్‌ల జాబితాలో చేర్చితే పంపు స్టార్ట్ అవుతుంది, వాల్వు తెరుచుకోవడం మొదలుపెట్టగానే షరతు తప్పిందని ట్రిప్ అవుతుంది. ఇలాంటి తప్పు మొదటి రోజే బయటపడుతుంది కాబట్టి దానితో పెద్ద ప్రమాదం లేదు. సక్షన్ వాల్వు సంగతి వేరు. దాన్ని స్టార్ట్‌కు ముందు చూసి వదిలేస్తే, నడుస్తున్నప్పుడు ఎవరైనా ఆ వాల్వును మూసినా పంపు తిరుగుతూనే ఉంటుంది. లోపల నీరు అందక ఇంపెల్లర్ మీద ఆవిరి బుడగలు పేలి లోహాన్ని కొరికేస్తాయి, సీలు కాలిపోతుంది. ఈ తప్పు మొదటి రోజు కనిపించదు, ఏళ్ల తరబడి కనిపించకపోవచ్చు. కనిపించిన రోజు పంపు పోతుంది.

దీని నుంచి ఒక నియమం దానంతటదే వస్తుంది. ప్రతి ఇంటర్‌లాక్ షరతూ పర్మిసివ్ కూడా అయి తీరాలి. ఏ కారణంతో పంపును ఆపేస్తామో ఆ కారణం ఎదురుగా ఉండగా దాన్ని స్టార్ట్ చేయనివ్వడంలో అర్థం లేదు. ప్రతి పర్మిసివ్ మాత్రం ఇంటర్‌లాక్ కానక్కర్లేదు. డెలివరీ వాల్వు మూసి ఉండటం, ఆగిన తర్వాత పైపులోని నీరు కుదుటపడే దాకా వేచి ఉండటం, మోటారును వరుసగా ఎన్నిసార్లు స్టార్ట్ చేయవచ్చన్న లెక్క, ఇవి స్టార్ట్ క్షణానికే సంబంధించినవి. పెద్ద మోటార్లకు సాధారణంగా చల్లగా ఉన్నప్పుడు వరుసగా రెండు స్టార్ట్‌లు, వేడెక్కి ఉన్నప్పుడు ఒక్కటే అనుమతిస్తారు. స్టార్ట్ సమయంలో లాగే కరెంటు వైండింగును అంతగా వేడెక్కిస్తుంది.

వాల్వు తెరిచే ఉందని ఎలా తెలుస్తుంది

సక్షన్ వాల్వు తెరిచి ఉందన్న మాట నియంత్రణ వ్యవస్థకు ఎక్కడి నుంచి వస్తుందన్నది డిజైన్‌లో అసలైన ప్రశ్న. వాల్వు కాండం మీద రెండు లిమిట్ స్విచ్‌లు ఉంటాయి. ఒకటి పూర్తిగా తెరుచుకున్నప్పుడు, ఇంకొకటి పూర్తిగా మూసుకున్నప్పుడు పలుకుతుంది. రెండూ పలకకపోతే వాల్వు మధ్యలో ఉన్నట్టు. రెండూ ఒకేసారి పలికితే స్విచ్చో వైరో చెడినట్టు. తెరిచి ఉండటం అంటే తెరిచిన స్విచ్ పలకడమే. మూసిన స్విచ్ పలకలేదు కాబట్టి తెరిచే ఉంటుందని అనుకోకూడదు. సగం తెరుచుకుని ఇరుక్కుపోయిన వాల్వు కూడా మూసిన స్విచ్‌ను పలికించదు. తెరుచుకోమని ఆదేశం ఇచ్చాం కాబట్టి తెరుచుకునే ఉంటుందని అనుకోవడం ఇంకా పెద్ద తప్పు.

ఈ తేడా ఎంత దూరం వెళ్లగలదో 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో టెక్సాకో చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడు చూపించింది. పిడుగుల వాన వల్ల ప్లాంటు అస్తవ్యస్తమైన తర్వాత ఒక పాత్ర నుంచి ద్రవం బయటకు పోవాల్సిన కంట్రోల్ వాల్వు మూసుకుని ఉండిపోయింది. నియంత్రణ వ్యవస్థ మాత్రం అది తెరిచి ఉందని చూపుతూ వచ్చింది. లోపలికి ద్రవం వస్తూనే ఉంది, బయటకు పోయే దారి లేదు. అది పొంగి పొంగి చివరికి ఒక పైపు పగిలి, దాదాపు 20 టన్నుల హైడ్రోకార్బన్లు బయటపడి పేలాయి. 26 మంది గాయపడ్డారు. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని బ్రిటన్ ప్రభుత్వ భద్రతా సంస్థ విచారణ తేల్చింది. వాల్వు గురించిన అబద్ధపు సమాచారం, మనిషిని ముంచెత్తిన అలారాలు ఒకే ప్రమాదంలో కలిశాయి.

అందుకే మన పంపులో రెండు జాగ్రత్తలు ఉంటాయి. మొదటిది వైరింగుకు సంబంధించినది. అంతా బాగున్నప్పుడు కరెంటు పారేలా, చెడినప్పుడు తెగేలా ఇంటర్‌లాక్ సర్క్యూట్లను కట్టాలి. సంపులో నీరు చాలినంత ఉన్నంతసేపూ ఫ్లోట్ స్విచ్ మూసి ఉండి సంకేతం పంపుతుంది. నీరు తగ్గితే సంకేతం ఆగుతుంది. వైరును ఎలుక కొరికినా, టెర్మినల్ వదులైనా, ఫ్యూజు పోయినా అదే జరుగుతుంది, పంపు ఆగుతుంది. దీన్ని తలకిందులుగా కడితే తెగిన వైరు కూడా అంతా బాగుందనే చెబుతుంది. రెండో జాగ్రత్త, వాల్వు చెప్పిన మాటను నీటితో సరిచూసుకోవడం. డెలివరీ వాల్వు తెరుచుకుందని స్విచ్ చెప్పిన తర్వాత కూడా 15 సెకన్ల పాటు ఫ్లో మీటరులో గంటకు 100 ఘనపు మీటర్లు కూడా కనిపించకపోతే స్విచ్ ఏం చెప్పినా పంపును ఆపేయాలి.

సెకన్ల లెక్క

మోటారు తిరుగుతూ డెలివరీ వాల్వు మూసే ఉండిపోతే ఎంతసేపు ఓర్చుకోవచ్చు? చాలా ప్రోగ్రాముల్లో ఇక్కడ 30 సెకన్లో, రెండు నిమిషాలో, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేస్తారు. కానీ దీన్ని లెక్కగట్టవచ్చు. మూసిన వాల్వు మీద మన పంపు షాఫ్టు 80 కిలోవాట్లు తీసుకుంటుందనీ, పంపు కేసింగులో 100 లీటర్ల నీరు పడుతుందనీ అనుకుందాం. బయటకు నీరు పోవడం లేదు కాబట్టి ఆ శక్తి మొత్తం వేడిగా మారి ఆ 100 లీటర్లలోనే చేరుతుంది. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. నిమిషంలో చేరేది 4,800 కిలోజౌళ్లు. అంటే నీరు నిమిషానికి 11 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. 30 డిగ్రీల దగ్గర మొదలైన నీరు ఆరు నిమిషాల్లో మరుగుకు చేరుకుంటుంది, సీలుకు ప్రమాదం అంతకంటే ముందే వస్తుంది.

వాల్వు ప్రయాణ సమయం 40 సెకన్లు కాబట్టి, 60 సెకన్లలో పూర్తిగా తెరుచుకోకపోతే ట్రిప్ అని పెట్టవచ్చు. కదలనే కదలని వాల్వు కోసం అంతసేపు ఆగనక్కర్లేదు. ఆదేశం ఇచ్చిన 5 సెకన్లలో మూసిన స్విచ్ వదలకపోతే వాల్వు ఇరుక్కుందని తెలిసినట్టే. ప్రెషర్ రావడానికి ఇచ్చే కొద్ది సెకన్లు కలుపుకున్నా నీరు 15 డిగ్రీలకు మించి వేడెక్కదు. ఇలా ప్రతి టైమరు వెనకా ఒక భౌతిక కారణం ఉండాలి, ఆ కారణాన్ని డిజైన్ పత్రంలో రాసి పెట్టాలి. పదేళ్ల తర్వాత ఆ అంకెను మార్చాలనుకున్నవాళ్లకు అది అక్కడ ఎందుకుందో తెలియాలి.

ఆపడానికి కూడా ఒక వరుస ఉంది. మామూలుగా ఆపేటప్పుడు ముందు డెలివరీ వాల్వు నెమ్మదిగా మూసుకుంటుంది, మూసుకున్నాక మోటారు ఆగుతుంది. పైపులో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పోతున్న నీటిని ఒక్క క్షణంలో ఆపితే దాదాపు 150 మీటర్ల హెడ్‌కు సమానమైన దెబ్బ పుడుతుంది. 3 కిలోమీటర్ల పైపులో ఆ ప్రెషర్ అల వెళ్లి తిరిగి రావడానికి ఆరు సెకన్లు పడుతుంది కాబట్టి 40 సెకన్ల మూత దాన్ని బాగా తగ్గిస్తుంది. ట్రిప్‌లో మాత్రం మోటారు ముందే ఆగుతుంది, వాల్వు తర్వాత మూసుకుంటుంది. కరెంటే పోతే వాల్వు మోటారుకూ కరెంటు ఉండదు. అప్పుడు పైపును కాపాడేవి నాన్ రిటర్న్ వాల్వు, ఎయిర్ వాల్వులు, సర్జ్ ట్యాంకు లాంటివే. ఇంటర్‌లాక్ ఎంత బాగా రాసినా వాటికి బదులు కాలేదు. ఇది డిజైనర్ మొదటి రోజే ఒప్పుకోవాల్సిన పరిమితి.

మూడు మట్టాలు

ఇక అలారం దగ్గరకు వస్తే, సంపు నీటిమట్టం మంచి ఉదాహరణ, ఎందుకంటే మూడు ప్రశ్నలూ అక్కడ ఒకే నీటి మీద నిలబడతాయి. పంపు తయారీదారు చెప్పిన దాని ప్రకారం సంపు అడుగు నుంచి 1 మీటరు కంటే తక్కువ నీరుంటే సుడి పుట్టి గాలి లోపలికి పోతుందనుకుందాం. కాబట్టి ట్రిప్ మట్టం 1 మీటరు. అలారం ఎక్కడ పెట్టాలి? అలవాటు కొద్దీ చాలామంది 1.5 మీటర్లు అని రాస్తారు. ఆ అంకె సరైనదో కాదో తేల్చేది మనిషికి పట్టే సమయం.

సంపు 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటే దాని విస్తీర్ణం 100 చదరపు మీటర్లు. నీరు రావడం పూర్తిగా ఆగిపోయి పంపు గంటకు 500 ఘనపు మీటర్లు లాగుతుంటే మట్టం గంటకు 5 మీటర్లు, అంటే నిమిషానికి 8 సెంటీమీటర్లకు పైగా పడిపోతుంది. 1.5 మీటర్ల దగ్గర అలారం మోగితే ట్రిప్‌కు మిగిలేది ఆరు నిమిషాలు. నీరు తగ్గడానికి మామూలు కారణం ఇన్‌టేక్ దగ్గరి ఇనుప జల్లెడకు చెత్త పట్టడమే. ఆపరేటర్ అక్కడికి నడిచి వెళ్లి చెత్త లాగేయడానికి 10 నిమిషాలు పడుతుందనుకుంటే ఆరు నిమిషాల అలారం అతనికి ఏ విధంగానూ ఉపయోగపడదు. అతను దారిలో ఉండగానే పంపు ఆగిపోతుంది. 2 మీటర్ల దగ్గర పెడితే 12 నిమిషాలు దొరుకుతాయి, పని అవుతుంది. స్టార్ట్‌కు కావాల్సిన మట్టం దానికి కొంచెం పైన, 2.2 మీటర్ల దగ్గర పెట్టాలి. లేకపోతే స్టార్ట్ అయిన వెంటనే అలారం మోగుతుంది.

ఇలా చూస్తే మూడు అంకెలూ మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయి. ట్రిప్ మట్టం యంత్రం నుంచి వచ్చింది. అలారం మట్టం ఆపరేటర్ నడక నుంచి వచ్చింది. పర్మిసివ్ మట్టం ఆ రెండింటినీ చూసుకుని వచ్చింది. ఆపరేటర్ కొత్త దారిలో రెండు నిమిషాల్లో ఇన్‌టేక్ చేరుకోగలిగితే అలారం మట్టం మారవచ్చు. ట్రిప్ మట్టం మారకూడదు. ఈ ఒక్క తేడా చాలు, రెండూ ఒకే సెట్టింగు మీద ఎందుకు ఆధారపడకూడదో చెప్పడానికి.

అయినా ప్రోగ్రాముల్లో ఇవి కలిసిపోతూనే ఉంటాయి, కలిసే దారి కూడా చాలా మామూలుగా ఉంటుంది. నీటిమట్టం కొలిచే పరికరం కోసం రాసిన అలారం ప్రోగ్రాములో అతి తక్కువ మట్టం అనే సంకేతం సిద్ధంగా ఉంటుంది. ట్రిప్ కోసం కొత్తగా రాయడం ఎందుకని దాన్నే తీసుకుంటారు. ఆ తర్వాత ఏదో ఒక వానాకాలం అలలకు ఆ అలారం పదే పదే మోగుతుంది. ఆపరేటర్ దాన్ని స్క్రీను మీద నుంచి తాత్కాలికంగా అణచివేస్తాడు, లేదా మట్టాన్ని సున్నాకు దించుతాడు. అలారం ఆగుతుంది. దానితో పాటు ట్రిప్ కూడా పోయిందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. అలారాన్ని సర్దుబాటు చేసుకునే హక్కు ఆపరేటర్‌కు ఉండటం తప్పు కాదు. ఆ హక్కు చేయి చాచినంత దూరంలో పంపు రక్షణ ఉండటం తప్పు, అది డిజైనర్ చేసిన తప్పు.

సరైన ఏర్పాటులో ట్రిప్‌కు విడిగా ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. అలారంకూ పర్మిసివ్‌కూ మట్టం కొలిచే పరికరం సరిపోతుంది. ఆ పరికరం ఒక అంకె దగ్గర ఇరుక్కుపోతే అలారం రాదు, ట్రిప్ వస్తుంది. అలల వల్ల పంపు ఊరికే ఆగకుండా ట్రిప్ సంకేతానికి మూడు సెకన్ల ఆలస్యం ఇస్తే చాలు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్, మోటారు రక్షణ రిలే మాత్రం పీఎల్‌సీ మీద ఆధారపడకుండా నేరుగా మోటారు బ్రేకర్‌ను పడగొట్టాలి. మనుషుల ప్రాణాలకు ప్రమాదం ఉన్న రసాయన, చమురు ప్లాంట్లలో ఇది కూడా చాలదు. అక్కడ ఐఈసీ 61511 ప్రమాణం కోరినట్టు రక్షణ వ్యవస్థ మొత్తం వేరుగా ఉండాలి. మన నీటి పంపు ఇంటర్‌లాక్‌లు ప్రధానంగా యంత్రాన్ని కాపాడేవి.

ప్రోగ్రాములో ఇదంతా కొన్ని వరుసల్లో ఇమిడిపోతుంది.

```
TripCond := NOT LevelSafe OR NOT SucOpen OR NOT EStopOK
            OR OpenTimeout OR NoFlow;
IF P1_Run AND TripCond THEN P1_Trip := TRUE;
ELSIF ResetCmd THEN P1_Trip := FALSE; END_IF;
Permit := NOT TripCond AND NOT P1_Trip
          AND LevelStartOK AND DisClosed AND RestartOK;
IF StartCmd AND Permit THEN P1_Run := TRUE; END_IF;
IF StopDone OR P1_Trip THEN P1_Run := FALSE; END_IF;
```

ఇందులో ట్రిప్ షరతులన్నీ పర్మిసివ్ లోపలే ఉన్నాయి. డెలివరీ వాల్వు మూసి ఉండటం మాత్రం `Permit`లోనే ఉంది, `TripCond`లో లేదు. `OpenTimeout`, `NoFlow` పంపు నడుస్తున్నప్పుడే లెక్కకు వస్తాయి, అది ఆగగానే వాటి టైమర్లు సున్నాకు వస్తాయి. `P1_Run` ఉన్నప్పుడే ట్రిప్ నిలిచిపోతుంది కాబట్టి మరమ్మతు కోసం ఆపిన పంపు సక్షన్ వాల్వు మూస్తే ట్రిప్ అని చూపదు. `StartCmd` బటన్ నొక్కిన క్షణం వరకే నిజం. నొక్కి పట్టుకున్న బటన్ రీసెట్ చేయగానే పంపును లేపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ వరుసల్లో ఎక్కడా అలారం పేరు లేదు. ట్రిప్ నుంచి అలారం పుట్టవచ్చు. అలారం నుంచి ట్రిప్ ఎప్పుడూ పుట్టకూడదు.

స్క్రీను మీద

అలారం అంటే ఏమిటో ఐఎస్‌ఏ 18.2 ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. అది 2009లో వచ్చింది, దాని ఆధారంగా 2014లో అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62682 వచ్చింది. వాటి ప్రకారం ఆపరేటర్ సకాలంలో స్పందించాల్సిన పరిస్థితి ఉంటేనే అలారం. చేయాల్సిన పని లేకపోతే అది సమాచారం మాత్రమే. ఈ కొలతతో చూస్తే నెరవేరని పర్మిసివ్ అలారం కాదు. విశ్రాంతిలో ఉన్న స్టాండ్‌బై పంపుకు ప్రెషర్ ఉండదు, ఫ్లో ఉండదు, దాని సక్షన్ వాల్వు మూసి ఉండవచ్చు. ఇవన్నీ అలారాలుగా పెట్టిన పంపుహౌస్‌లో స్క్రీను ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది, ఆ ఎరుపును ఎవరూ చూడరు. పర్మిసివ్‌లకు సరైన చోటు పంపు బొమ్మ మీద నొక్కితే తెరుచుకునే చిన్న జాబితా. పంపు ఎందుకు స్టార్ట్ కావడం లేదో ఆపరేటర్ అక్కడ ఒక్క చూపులో తెలుసుకోవాలి. స్టార్ట్ బటన్ నొక్కితే ఏమీ జరగకుండా ఊరుకునే పంపు సిబ్బందిని వైరు కలిపి నడిపేలా చేస్తుంది, కాబట్టి ఆ జాబితాను అలంకారం అనుకోకూడదు.

తక్కువ ప్రెషర్, తక్కువ ఫ్లో లాంటి అలారాలు కూడా పంపు నడుస్తూ వాల్వు తెరిచి ఉన్నప్పుడే మేల్కోవాలి. ట్రిప్ జరిగినప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది. ఫ్లోట్ స్విచ్ పంపును ఆపిన మరుక్షణం ప్రెషర్ పడుతుంది, ఫ్లో పడుతుంది, డెలివరీ వాల్వు కదులుతుంది. జాగ్రత్త లేకపోతే ఒకే సంఘటనకు ఐదారు అలారాలు మోగుతాయి. వాటిలో అసలు కారణం ఏదో వెతుక్కోవడం ఆపరేటర్ వంతు అవుతుంది. అందుకు బదులు పంపు-1 ట్రిప్ అని ఒకే అలారం రావాలి, పక్కన మొదట తప్పిన షరతు పేరు కనబడాలి. ప్రోగ్రాము ఆ మొదటి షరతును పట్టి ఉంచి తర్వాత తప్పినవాటిని దానిపై రాయనివ్వకూడదు. ఒక ఆపరేటర్‌కు సగటున పది నిమిషాలకు ఒక అలారం కంటే తక్కువ ఉంటేనే భారం సమంజసమని బ్రిటన్‌లో 1999లో వెలువడిన ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం చెబుతుంది. ఒక్క పంపు ట్రిప్‌కే ఆరు అలారాలు మోగే చోట ఆ సంఖ్య చేరుకోవడం అసాధ్యం.

అలారాన్ని చూశానని ఆపరేటర్ నొక్కే బటన్, ట్రిప్‌ను రీసెట్ చేసే బటన్ ఒకటి కాకూడదు. మొదటిది మోత ఆపుతుంది. రెండోది పంపును మళ్లీ స్టార్ట్‌కు సిద్ధం చేస్తుంది, దానికి ముందు కారణం ఏమిటో ఎవరో వెళ్లి చూసి ఉండాలి. నీటిమట్టం దానంతటదే పెరిగినంత మాత్రాన పంపు దానంతటదే లేవకూడదు. అదే సమయంలో పంపు దగ్గర కప్లింగ్ విప్పి పని చేస్తున్న మనిషి ఉండవచ్చు.

మరమ్మతుల కోసం ఒక ఇంటర్‌లాక్‌ను కొంతసేపు పక్కన పెట్టాల్సి రావడం సహజం. దానికి తాళంచెవితో తిరిగే స్విచ్, లేదా పాస్‌వర్డు ఉన్న తెర, కాలపరిమితి, ఎవరు ఎప్పుడు ఎందుకు పెట్టారన్న నమోదు ఉండాలి. ఆ సంగతి స్క్రీను మీద నిరంతరం కనబడాలి. అలారాన్ని అణచివేసే సౌకర్యం ఇంకో జాబితాలో, ఇంకో అధికారంతో ఉండాలి. ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ఎవరూ పక్కన పెట్టే వీలు ఉండకూడదు.

పరీక్ష

విడిగా స్విచ్ పెట్టినంత మాత్రాన పని అయిపోదు. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ డిపోలో పెట్రోలు నింపుతున్న ట్యాంకు మట్టం చూపే గేజి తెల్లవారుజామున ఇరుక్కుపోయింది. ట్యాంకు పొంగకుండా ఆపడానికి విడిగా ఒక స్విచ్ ఉంది, కానీ దాని పరీక్ష మీట తాళం వేసి నిలపనందువల్ల అది పనిచేసే స్థితిలో లేదు. ట్యాంకు పొంగింది, ఆవిరి మేఘం పేలింది, 40 మందికి పైగా గాయపడ్డారు.

కాబట్టి ప్రతి ఇంటర్‌లాక్‌నూ కమిషనింగ్ రోజున, ఆ తర్వాత నిర్ణీత వ్యవధుల్లో, దాని పరికరం దగ్గరే పరీక్షించాలి. ప్రోగ్రాములో ఒక బిట్‌ను బలవంతంగా మార్చి ట్రిప్ వచ్చిందని సంతకం పెట్టడం పరీక్ష కాదు. అది ప్రోగ్రామును మాత్రమే పరీక్షిస్తుంది, స్విచ్‌నూ వైరునూ వదిలేస్తుంది. ఫ్లోట్‌ను చేత్తో దించాలి, సక్షన్ వాల్వు లిమిట్ స్విచ్ వైరును టెర్మినల్ దగ్గర విప్పాలి, పంపు ఆగడం కళ్లారా చూడాలి. ఏ కారణానికి ఏది ఆగుతుందో, ఏది మూసుకుంటుందో, ఏ అలారం మోగుతుందో, ఏది మోగకూడదో గళ్ల పట్టికలో రాసుకుని ఒక్కో గడినీ తనిఖీ చేయాలి.

వేరుగా ఉంచడం నిజంగా జరిగిందా లేదా అని తేల్చే పరీక్ష ఒకటుంది, దానికి అరగంట కూడా పట్టదు. ఆ పంపుకు సంబంధించిన అలారాలన్నిటినీ స్క్రీను మీద నుంచి అణచివేసి, పంపును నడుపుతూ, ఇంటర్‌లాక్‌లను ఒక్కొక్కటిగా పడగొట్టాలి. ప్రతిసారీ పంపు ఆగాలి. ఒక్కసారైనా ఆగకపోతే ఆ పంపును అప్పగించకూడదు, ప్రోగ్రామును తిరిగి రాయించాలి.